బిందె చుట్టూ గులాబీ గీత

ముదురు నీలం స్లైడు మీద ఎర్రటి లక్క బిందె ఫొటో పెట్టారనుకోండి. వెనకున్న తెల్ల కాగితాన్ని మొత్తం తీసేశారు. ల్యాప్‌టాప్‌లో చూసుకుంటే బాగానే ఉంది. తీరా మీటింగ్ హాల్లో పెద్ద తెర మీద పడేసరికి బిందె చుట్టూ సన్నగా ఒక లేత గులాబీ గీత తేలుతుంది. ఎక్కడి ఫొటోనో కత్తిరించి ఇక్కడ అంటించారని చూసేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

ఆ గీతను చూసి కొందరు సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటారు. కొందరు బిందెను ఇంకాస్త లోపలికి కోసేస్తారు. గీత పోతుంది కానీ దాంతోపాటు బిందె అంచు గుండ్రదనమూ పోతుంది. నిజానికి ఆ గీత కత్తిరించేటప్పుడు వచ్చింది కాదు, ఫొటో తీసినప్పుడే బిందెకు అంటుకుని వచ్చింది. అది ఎలా అంటుకుంటుందో అర్థమైతే బ్యాక్‌గ్రౌండ్ తీసే పనిలో సగం తెలిసినట్టే.

ఉదాహరణకి ఏటికొప్పాక లక్కపిడతలనే తీసుకుందాం. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఒత్తి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ పైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలివి. ఫొటోలు తీసేవాడికి ఇవి పెట్టే పరీక్ష అంతా ఆ మెరుగులోనే ఉంది. బట్టో, అట్టపెట్టో అయితే వెలుగు దాని మీద పడి చెదిరిపోతుంది. లక్క పూత మాత్రం చుట్టూ ఉన్నవన్నీ తనలో చూపిస్తుంది. కిటికీ కనిపిస్తుంది, కింద పరిచిన గుడ్డ కనిపిస్తుంది, ఫొటో తీసేవాడి చొక్కా కూడా కనిపిస్తుంది.

నాకు తెలిసిన చేతివృత్తుల వ్యాపారి ఒకాయన హోటళ్లవాళ్లకి చూపించడానికి ఒక స్లైడు కావాలన్నారు. ముదురు నీలం నేల మీద ఒకే బిందె మూడు రంగుల్లో, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, పక్కపక్కన ఉండాలి. ఆయన దగ్గరున్నది ఎర్ర బిందె ఫొటో ఒక్కటే. తెల్ల చార్టు మీద పెట్టి ఫోన్‌తో తీసింది. "మిగతా రెండూ మళ్లీ తీయడమెందుకండీ, దీనికే రంగు మార్చేయండి, సరిపోతుంది" అన్నారు. ఈ పనిలో ఎక్కువగా వినిపించే మాట ఇదే. అందులో చిక్కులు రెండున్నాయి. ఒకటి అంచుది, రెండోది రంగుది.

ముందు అంచు సంగతి. ఫొటో అంటే చిన్న చిన్న గళ్లు. ఒక్కో గడికీ ఒక్కటే రంగు. బిందె అంచు మాత్రం గళ్ల హద్దును చూసుకుని వంపు తిరగదు కదా. కొన్ని గళ్లలో సగం బిందె, సగం వెనకున్న కాగితం పడతాయి. కెమెరా ఆ రెండింటినీ కలిపేసి ఆ గడికి మధ్యరకం రంగు ఒకటి వేస్తుంది. మన బిందె ఎరుపును కంప్యూటర్ లెక్కలో ఎరుపు 200, ఆకుపచ్చ 30, నీలం 30 అనుకుందాం. తెల్ల కాగితానికి మూడూ 255. సగం సగం కలిస్తే 228, 143, 143 అవుతుంది. అదే ఆ గులాబీ. తెల్ల కాగితం మీద ఉన్నంతసేపూ అది కంటికి ఆనదు. పైగా అంచును నునుపుగా చూపిస్తుంది. నీలం స్లైడు మీద పెట్టగానే బయటపడుతుంది.

ఆ గడిని సగం పారదర్శకం చేస్తే పోదా అనిపిస్తుంది. కొంత తగ్గుతుంది, పోదు. స్లైడు నీలం 20, 30, 70 అనుకుంటే, ఆ గులాబీలో సగం, ఈ నీలంలో సగం కలిసి 124, 87, 107 దగ్గర ఆగుతుంది. అంటే దుమ్ము పట్టిన గులాబీ. మొదటినుంచీ నీలం నేల మీదే ఫొటో తీసి ఉంటే అక్కడ 110, 30, 50 ఉండేది, ముదురు మెరూన్. తేడా అంతా ఆ గడిలో ఇరుక్కుపోయిన తెలుపుదే. కాబట్టి ఎంత పారదర్శకం చేయాలన్నది ఒక లెక్క, మిగిలిన రంగులోంచి పాత తెలుపును తీయడం ఇంకో లెక్క. బ్యాక్‌గ్రౌండ్ తీసే పరికరాల్లో చాలావరకు మొదటిది చేసి చేతులు దులుపుకుంటాయి.

పవర్‌పాయింట్‌లోనే రెండు దారులున్నాయి. మొదటిది Picture Format లో Color కింద కనిపించే Set Transparent Color. తెలుపు మీద ఒక్క క్లిక్ చేస్తే ఆ తెలుపంతా మాయమవుతుంది. చిక్కేమిటంటే, అది మీరు నొక్కిన ఒక్క రంగునే తీస్తుంది. జేపెగ్ ఫొటోలో తెల్ల కాగితం అంతటా ఒకే తెలుపుగా ఉండదు. ఒకచోట 255, పక్కన 253, మూలలో 240. అందుకే నీలం స్లైడు మీద ముగ్గు చల్లినట్టు చుక్కలు మిగులుతాయి. అంతకన్నా తమాషా బిందె లోపల జరుగుతుంది. లక్క మీద కిటికీ వెలుగు పడి మెరిసేచోట కూడా అచ్చమైన తెలుపే ఉంటుంది. ఆ తెలుపూ పోతుంది. అప్పుడు బిందె పొట్ట మీద మెరుపు ఉండాల్సిన చోట నీలం చిల్లు పడుతుంది. ఎర్ర బిందెకు నీలం మెరుపేమిటా అని అనుమానం వస్తే, కారణం చాలావరకు ఇదే.

రెండోది Remove Background. తీసేయబోయే భాగాన్ని అది ఊదా రంగుతో కప్పి చూపిస్తుంది. తప్పుగా కప్పిన చోట Mark Areas to Keep తో, వదిలేసిన చోట Mark Areas to Remove తో గీత గీసి దిద్దుకోవచ్చు. ఆ పైన Keep Changes నొక్కాలి. అట్టపెట్టెలు, పుస్తకాలు, చెప్పులు, మెరుపు లేని మట్టి కుండలు లాంటివాటికి ఇది నిక్షేపంగా సరిపోతుంది. లక్క బిందె దగ్గర తడబడుతుంది. మెరుపు సరిగ్గా అంచు మీదే పడితే, ఆ తెలుపుకీ వెనక కాగితపు తెలుపుకీ మధ్య దానికి హద్దు దొరకదు. బిందె భుజం దగ్గర ఎవరో కొరికినట్టు ఒక ముక్క ఎగిరిపోతుంది. గీత గీసి దిద్దితే ముక్క తిరిగొస్తుంది గానీ అంచు నునుపు రాదు. గులాబీ గీత సంగతి అసలు ముట్టుకోనే ముట్టుకోదు.

అందుకని ఇలాంటి వస్తువులకి నేను గింప్ వాడతాను. ఉచితంగా దొరుకుతుంది, మామూలు కంప్యూటర్‌లో నడుస్తుంది. ఫొటోషాప్ ఉన్నవాళ్లు ఇదే పని అందులో చేసుకోవచ్చు. పేర్లు మారతాయి, పద్ధతి అదే.

గింప్‌లోనూ తెలుపు మీద నొక్కి ఎంచుకునే పరికరం ఉంది, Fuzzy Select. దాని జోలికి పోను. అది గళ్ల వెంట మెట్లు మెట్లుగా పోతుంది. తరిణె మీద తయారైన వస్తువుకి ఒక సుగుణముంది. దాని అంచు ఎక్కడా ఉన్నట్టుండి విరగదు, నిదానంగా వంపు తిరుగుతుంది. కాబట్టి Paths పరికరంతో మూతి అంచు దగ్గర ఒక బిందువు, మెడ సన్నబడ్డచోట ఒకటి, భుజం దగ్గర ఒకటి, పొట్ట బాగా ఉబ్బినచోట ఒకటి, అడుగున ఒకటి, అలాగే రెండోవైపూ పెట్టుకుని, మధ్య గీతలను వంచితే బిందె ఆకారం మొత్తం వచ్చేస్తుంది. బిందువులు ఎంత తక్కువుంటే వంపు అంత నునుపుగా వస్తుంది. కొత్తవాళ్లు వేలెడంత దూరానికొక బిందువు పెడతారు. ఆ బిందెకు సొట్టలు పడతాయి. ఫొటోను బాగా పెద్దది చేసుకుని, గీత సరిగ్గా హద్దు మీద కాకుండా వెంట్రుకవాసి లోపలికి ఉండేలా చూసుకోవాలి.

ఆ దారిని Select మెనూలోని From Path తో ఎంపికగా మార్చి, Feather తో ఒక్క పిక్సెల్ మెత్తబరచాలి. ఇక్కడ బ్యాక్‌గ్రౌండ్‌ను చెరపకూడదు. Layer మెనూలో Mask కింద Add Layer Masks తీసుకుని, అందులో Selection ఎంచుకోవాలి. బయటి భాగం కనబడకుండా పోతుంది, కానీ ఫొటోలో అలాగే ఉంటుంది. ఇప్పుడు లేయర్‌కి రెండు పక్కపక్క చిత్రాలుంటాయి. ఒకటి ఫొటో, రెండోది ఏది కనబడాలో చెప్పే నలుపుతెలుపు మాస్కు.

గులాబీ గీతను వదిలించే కిటుకు ఇక్కడుంది. ఫొటో చిత్రం మీద నొక్కి, Clone పరికరంతో అంచుకు నాలుగైదు పిక్సెళ్ల లోపలున్న మంచి ఎరుపును తీసుకుని అంచు మీదుగా బయటికి పూసేయాలి. బయటికి ఎంత పోయినా పరవాలేదు. ఆటో వెనక రేకు అచ్చు పెట్టి పేరు రాసేవాడు రంగు రేకు మీద పడుతుందేమోనని చూసుకోడు కదా, అచ్చరం ఆకారం చిల్లు చెబుతుంది. ఇక్కడా అంతే. ఆకారం మాస్కు చూసుకుంటుంది, మనం రంగు మాత్రం చూసుకుంటాం. అంచు గడిలో ఇప్పుడు సగం తెలుపు కలిసిన గులాబీ లేదు, అచ్చమైన ఎరుపు ఉంది. దాన్ని మాస్కు సగం పారదర్శకం చేసి నీలం మీద వేస్తే 110, 30, 50 వస్తుంది. ముందు చెప్పిన మెరూన్ అదే. ఎడమవైపు వెలుగులో ఎరుపు వేరు, కుడివైపు నీడలో ఎరుపు వేరు. కాబట్టి ఎక్కడి ఎరుపు అక్కడే తీసుకోవాలి. ఒకచోటి రంగు తెచ్చి బిందె చుట్టూ పూస్తే అంచుకు కాటుక దిద్దినట్టవుతుంది.

ఫొటోషాప్‌లో ఈ పనికి Select and Mask లో Decontaminate Colors అని ఒక గడి ఉంది. టిక్కు పెడితే ఇంచుమించు ఇదే పని అది చేసిపెడుతుంది. మెరుపులున్న చోట దాన్ని పూర్తిగా నమ్మలేం, ఒకసారి చూసుకోవాలి.

పని సరిగ్గా అయిందో లేదో చూడటానికి ఒక పద్ధతి ఉంది. బిందె లేయర్ కింద ఇంకో ఖాళీ లేయర్ పెట్టి దాన్ని ఒకసారి అచ్చ నలుపుతో, ఒకసారి అచ్చ తెలుపుతో, ఒకసారి కళ్లు చెదిరే ఆకుపచ్చతో నింపి చూడండి. నలుపు మీద మిగిలిపోయిన తెల్ల గీతలు పట్టుబడతాయి. తెలుపు మీద నీడవైపు మిగిలిన మసి పట్టుబడుతుంది. ఆకుపచ్చ మీద బిందెలోనే ఎక్కడైనా చిల్లు పడితే తెలిసిపోతుంది. స్లైడు నీలం మీద మాత్రమే చూసి బాగుందనుకుంటే, రేపు ఆయన స్లైడు రంగు మార్చినప్పుడు మళ్లీ మన దగ్గరికే వస్తారు.

ఇంత తంటా పడటం కన్నా అసలు ఫొటోనే బూడిద రంగు చార్టు మీద తీసి ఉంటే సగం బాధ తప్పేది. వెబ్‌సైట్లలో వస్తువులన్నీ తెలుపు మీద కనిపిస్తాయి కాబట్టి తెలుపే పద్ధతి అనుకుంటారు. వాటి పేజీ తెల్లగా ఉంటుంది, వాళ్లకది సరిపోతుంది. మన స్లైడు ముదురుదైతే, దాని ముదురుకు దగ్గరగా ఉండే బూడిద రంగు మీద తీయాలి. అంచులో ఇరుక్కునే పాత రంగు కొత్త రంగుకు దగ్గరగా ఉంటే గీత కంటికి ఆనదు. స్లైడు ఏ రంగో తెలియకుండా ఫొటో తీయడానికి కూర్చోకపోవడమే మేలు. సినిమావాళ్లు వాడతారు కదా అని ఆకుపచ్చ గుడ్డ పరిచేవాళ్లూ ఉన్నారు. లక్కపిడతలకి అంత పాపం ఇంకోటి లేదు. కింద పరిచిన ఆకుపచ్చ బిందె అడుగుభాగంలో ప్రతిబింబిస్తుంది. అది అంచు కాదు, బిందె ఒంటి మీది రంగు. దాన్ని ఏ మాస్కూ కత్తిరించలేదు.

ఇక రంగు సంగతి. ఎర్ర బిందెను పసుపు చేయాలి. అందరూ ముందు చేసేది రంగు మార్చే మెనూ తెరవడం. పవర్‌పాయింట్‌లో Recolor ఉంది గానీ, అది ఫొటో మొత్తానికీ ఒకే రంగు పులుముతుంది. బిందె మీది పసుపు పట్టీలూ నల్ల గీతలూ అన్నీ ఆ రంగులో మునుగుతాయి. కాబట్టి మళ్లీ గింప్. బిందె మీద పసుపు లేయర్ వేసి, దాని పద్ధతిని LCh Color లాంటిదిగా మారిస్తే, కింద ఫొటోలోని వెలుగునీడలు అలాగే ఉండి రంగు మాత్రం మారుతుంది. చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. చేసి చూస్తే పసుపు రాదు. బురదలో ముంచిన ఆలివ్ రంగు వస్తుంది.

కారణం ఏమిటంటే, పసుపూ ఎరుపూ ఒకే వెలుగున్న రంగులు కావు. మన కన్ను మూడు రంగులనూ సమానంగా చూడదు. ఆకుపచ్చ చాలా వెలుగుగా, ఎరుపు అందులో సగంగా, నీలం బాగా తక్కువగా కనిపిస్తాయి. పాత టీవీల కాలం నుంచి వాడే లెక్క ప్రకారం ఆకుపచ్చకి నూటికి 59 పాళ్లు, ఎరుపుకి 30, నీలానికి 11 వేసి కూడితే ఆ రంగు ఎంత వెలుగో తెలుస్తుంది. మన ఎరుపు 200, 30, 30కి అది 81 వస్తుంది. పసుపుకొమ్ము రంగు 235, 180, 30 అనుకుంటే దానికి 180 వస్తుంది. అంటే రెట్టింపుకు మించి. వెలుగు మార్చకుండా రంగు మాత్రం మార్చమని మనం అడిగాం. 81 వెలుగున్న పసుపు అంటే 106, 81, 14 దగ్గర ఉంటుంది. అది పసుపు కాదు, ఎండిన ఆకు. వెలుగు పెంచితే పోలేదా అంటే, ముదురులో ఉన్న ఫొటోను అంతగా ఎత్తేసరికి నీడల్లోని చుక్కలూ, జేపెగ్ గళ్లూ బయటికొస్తాయి.

అందుకే వరుస తిరగేయాలి. ముదురు నుంచి లేతకు పోకూడదు, లేత నుంచి ముదురుకు పోవాలి. మూడు రంగుల్లో ఒక్కటే ఫొటో తీయగలిగితే, అది పసుపు బిందె అయి ఉండాలి. ఆయనకు అదే చెప్పాను. మర్నాడు పసుపు బిందెను కిటికీ పక్కన బూడిద రంగు చార్టు మీద పెట్టి తీశారు. చొక్కా మెరుపులో పడకుండా ఫోన్ చుట్టూ ఒక బూడిద చార్టు పట్టుకున్నారు కూడా. దాంతో పని సగానికి సగం తేలికైంది.

పసుపు బిందె నుంచి ఎర్రది చేసే పద్ధతి ఇది. ముందు బిందెను ఎప్పటిలాగే మాస్కుతో విడదీసుకుని, దానికి ఒక నకలు తీసి Desaturate చేస్తే బూడిద బిందె వస్తుంది. Levels లో దాన్ని ఇంకొంచెం లేతగా ఎత్తాలి. బిందె ఒళ్లు బాగా వెలుగున్నచోట 230 దాకా రావాలి. దాని పైన ఒక లేయర్‌లో మనకు కావాల్సిన ఎరుపు నింపి, పద్ధతిని Multiply చేయాలి. తెల్లగా ఉన్నచోట ఎరుపు పూర్తిగా, నల్లగా ఉన్నచోట నలుపుగా, మధ్యలో మధ్యగా వస్తుంది. బిందె గుండ్రదనం అలాగే నిలుస్తుంది. ఎరుపు లేయర్‌కి బిందె ఒంటికి మాత్రమే మాస్కు వేసుకోవాలి. నల్ల గీతలు, పట్టీలు ముట్టుకోకూడదు.

ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయినవాళ్ల స్లైడులు చాలా చూశాను. బిందె ఎర్రగానే ఉంటుంది కానీ లక్కలా ఉండదు, ప్లాస్టిక్‌కి సుద్ద పూసినట్టు ఉంటుంది. ఏం తగ్గిందా అని చూస్తే, మెరుపు కూడా ఎర్రబడి ఉంటుంది. లక్క పూత మీద వెలుగు రెండు రకాలుగా తిరిగొస్తుంది. కొంత వెలుగు పూతలోకి దిగి, అందులోని రంగుతో కలిసి బయటికొస్తుంది. అదే మనం చూసే ఎరుపు. కొంత వెలుగు లోపలికి దిగకుండా పైనుంచే తిరిగిపోతుంది. దానికి రంగు అంటదు, కిటికీ వెలుగు ఏ రంగో ఆ రంగే. అందుకే ఎర్ర లక్కపిడత మీదైనా పచ్చ లక్కపిడత మీదైనా మెరుపు తెల్లగానే ఉంటుంది. ఇత్తడి బిందె అయితే మెరుపు కూడా పసుపుగానే ఉంటుంది. లోహాల తీరు వేరు. మెరుపుకు రంగు అంటితే కన్ను వెంటనే పసిగడుతుంది, ఎందుకో చెప్పలేకపోయినా.

అందుకని మూడో లేయర్ కావాలి, ఒట్టి మెరుపుకి. Levels తో ఎత్తకముందు బూడిద బిందెకు ఒక నకలు తీసుకుని అన్నిటికన్నా పైన పెట్టండి. దాని Levels లో ఎడమవైపున్న నల్ల త్రికోణాన్ని కుడివైపుకు జరుపుతూ పోతే ఒక్కొక్కటే నల్లబడుతూ, చివరికి కిటికీ మెరుపు, మూతి అంచు మీది సన్నటి గీత మాత్రం మిగులుతాయి. మా పసుపు బిందెకు అది 225 దగ్గర ఆగింది. ఆ లేయర్ పద్ధతిని Screen గా మార్చాలి. అందులో నలుపు ఏమీ చేయదు, తెలుపు మాత్రం కింద ఉన్నదానికి వెలుగు కలుపుతుంది. ఆ క్షణంలో సుద్ద పూత పోయి లక్క బయటికొస్తుంది. మూడు లేయర్లు, కింద నీడలు, మధ్యలో రంగు, పైన మెరుపు. ఆకుపచ్చ కావాలంటే మధ్య లేయర్ రంగు మారిస్తే చాలు.

ఏ ఎరుపు నింపాలి అన్నది ఇంకో ప్రశ్న. చూడటానికి బాగుందని తెర మీద ఏదో ఒక ఎరుపు ఎంచుకోవడం తప్పు. హోటల్‌వాళ్లు స్లైడులో చూసిన రంగే డబ్బాలో రావాలనుకుంటారు. ఏటికొప్పాకలో చాలామంది పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల్లాంటి చెట్టు సరుకు నుంచి తీసిన రంగులే లక్కలో కలుపుతారు. అలా వచ్చే ఎరుపుకి ఒక మట్టి జీర ఉంటుంది. తెర మీద మెరిసే సిగరెట్ పెట్టె ఎరుపు అందులో రాదు. కాబట్టి ఫొటో తీసేటప్పుడు బిందె పక్కనే ఎర్ర లక్క కడ్డీ, పచ్చ లక్క కడ్డీ పెట్టి, అదే వెలుగులో ఇంకో ఫొటో తీయించాను. Color Picker తో కడ్డీ మీద మెరుపు లేని చోట నొక్కితే ఏ ఎరుపో తెలుస్తుంది. బూడిద బిందె లేతగా ఉన్నా అచ్చ తెలుపు కాదు కాబట్టి, Multiply తర్వాత రంగు కడ్డీ కన్నా ఒక వీసం ముదురుగా వస్తుంది. ఆ మేరకు ఎరుపును కొంచెం లేతగా నింపుకోవాలి. కడ్డీ ఫొటోనూ స్లైడు బిందెనూ పక్కపక్కన పెట్టుకుని సరిచూసుకుంటే సరిపోతుంది.

ఇంత చెప్పాక ఒక మాట. మూడు రంగుల బిందెలూ అలమరలో ఉంటే, రంగు మార్చే పని పెట్టుకోవడం అనవసరపు శ్రమ. బిందె కదిలించకుండా ఒక గుర్తు పెట్టి, అదే చోట మూడూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి తీస్తే పావుగంటలో అయిపోతుంది. ఏ లేయర్లూ అంత నిజం చెప్పవు. ఆర్డరు వస్తేనే ఆకుపచ్చది చేయిస్తాం అనే చోట మాత్రమే రంగు మార్చడం న్యాయం.

విడదీసిన మూడు బిందెలూ స్లైడు మీద వరసగా నిలబడ్డాయి. కానీ గాల్లో తేలుతున్నాయి. బిందె కింద, అడుగు నేలను తాకేచోట ఒక చిక్కటి నీడ ఉంటుంది. మనం చార్టుతోపాటు దాన్ని కూడా తీసేశాం. పవర్‌పాయింట్‌లో దొరికే తయారు నీడ వేస్తే వస్తువు గోడకి అంటించిన కాగితంలా కనిపిస్తుంది. అసలు నీడనే తెచ్చుకోవడం మేలు. పాత తెల్ల చార్టు ఫొటో ఇక్కడ పనికొచ్చింది. బిందె కింద నీడ భాగాన్ని వేరే లేయర్‌గా తీసి, గింప్‌లో Colors మెనూలోని Color to Alpha తో తెలుపును తీసేస్తే, బూడిద నీడ కాస్తా నల్లగా, పారదర్శకంగా మారుతుంది. తెలుపు ఎంతుందో అంత మాయమై, నలుపు ఎంతుందో అంత మిగులుతుంది. దాన్ని ఏ రంగు స్లైడు మీదైనా పరవచ్చు. పవర్‌పాయింట్‌కి Multiply లాంటి పద్ధతులు తెలియవు కాబట్టి నీడ ఇలా పారదర్శకంగా ఉండి తీరాలి.

ముదురు నీలం స్లైడులో ఇంకో ఇబ్బంది వచ్చింది. 20, 30, 70 నీలం మీద నల్ల నీడ వేస్తే కనిపించదు. ఉన్న చీకటినే ఇంకెంత చీకటి చేస్తాం. అందుకని బిందెల కింద ఒక పొడవాటి అండాకారాన్ని లేత నీలంతో వేసి, అంచులు మెత్తగా కరిగిపోయేలా గ్రేడియంట్ పెట్టాం. బల్ల మీద వెలుగు పడ్డట్టు కనిపిస్తుంది. దాని మీద నీడ నిలిచింది, నీడ మీద బిందె కూర్చుంది. మూడు బిందెల అడుగులూ ఒకే గీత మీద ఉన్నాయా, మెరుపులు మూడింటికీ ఎడమవైపే ఉన్నాయా అని చూసుకున్నాం. ఒక్క ఫొటో నుంచే చేసినవి కాబట్టి ఆ రెండోది ఎలాగూ కుదిరింది.

చివరగా ఫైలు. గింప్ నుంచి పీఎన్‌జీగా ఎగుమతి చేయాలి. జేపెగ్‌కు పారదర్శకత అంటే ఏమిటో తెలియదు, ఖాళీ ఉన్నచోట తెలుపు నింపేస్తుంది. పంపడంలోనూ జాగ్రత్త కావాలి. వాట్సాప్‌లో పీఎన్‌జీని ఫొటోగా పంపితే అది జేపెగ్‌గా మారిపోతుంది, పారదర్శకత పోయి బిందె వెనక తెలుపో నలుపో వచ్చి కూర్చుంటుంది. Document గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. అందినవాళ్లు స్లైడులో Insert, Pictures ద్వారా పెట్టుకోవాలి, ఫోన్‌లో చూసి స్క్రీన్‌షాట్ తీసి కాదు. మా వ్యాపారి మొదటిసారి ఆ పనే చేశారు. బిందె చుట్టూ నల్ల పెట్టెతో స్లైడు తిరిగొచ్చింది. ఫైలు మళ్లీ పంపి, ఎలా పెట్టాలో ఫోన్‌లో చెప్పాక సరిపోయింది.